తలనొప్పికి ఆరు వారాల ముందు

పుంగనూరు మండలంలో ఒక పల్లె. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. రెండెకరాల టమోటా, ఒక బోరు, రెండు పాడి ఆవులు, ఇద్దరు పిల్లలు. ఐదు నెలలుగా తలనొప్పి, ఒళ్ళు గుంజడం, నిద్ర లేకపోవడం. ఇంటివాళ్ళు తిరుపతికి తీసుకుపోయి తలకు స్కాన్ తీయించుకొచ్చారు. అందులో ఏమీ లేదన్నారు. పుంగనూరులో డాక్టరు బీపీ చూశారు, రక్తపరీక్షలు, థైరాయిడ్ పరీక్ష చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడాయన నిద్ర గురించి, తిండి గురించి, మనసు గురించి ఓపిగ్గా అడిగి, ఇది డిప్రెషన్ అని గుర్తుపట్టారు. ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర రోజుకు 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, మదనపల్లెలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి చీటీ రాసి పంపారు. ఐదు నెలల్లో పన్నెండు సిట్టింగులు జరిగాయి. ఇప్పుడు ఆ చీటీకి జవాబు వెనక్కి పుంగనూరు పోవాలి. సైకోథెరపీ ముగించేటప్పుడు, పంపించిన డాక్టరుకు రాసే ఆ జవాబునే డిశ్చార్జి లేఖ అంటారు.

ఈమె ఎవరో ఒక్క మనిషి కాదని ముందే చెప్పాలి. ఇలాంటి కేసుల్లో మామూలుగా కనబడే వివరాలు కలిపి, లేఖ ఎలా కట్టాలో చూపడానికి నేను అల్లిన మనిషి. నిజంగా ఒకరికి రాసిన లేఖను పత్రికలో విప్పి చూపే హక్కు ఎవరికీ లేదు.

చాలాసార్లు ఇలాంటి లేఖ మూడు వాక్యాలతో అయిపోతుంది. ‘పన్నెండు సెషన్ల సైకోథెరపీ ఇవ్వడమైనది. పరిస్థితి మెరుగుపడినది. ఫాలోఅప్ సూచించడమైనది.’ మూడూ నిజాలే. కానీ ఆరు నెలల తర్వాత అదే మనిషి తల పట్టుకుని పుంగనూరు క్లినిక్కులో కూర్చుంటే, ఆ మూడు వాక్యాల్లో ఏ ఒక్కటీ డాక్టరుకు అక్కరకు రాదు. ఆయనకు అప్పుడు కావలసింది ఒకే ఒక్క సంగతి: ఇది మామూలు తలనొప్పా, పాత జబ్బు తిరగబెడుతోందా? లేఖ మొత్తం ఆ ఒక్క ప్రశ్నకు సిద్ధంగా ఉండాలని నా అభిప్రాయం. మిగతా భాగాలన్నీ దానికి దారి తీయడానికే.

మొదట కొలత సంగతి. ‘మెరుగుపడినది’ అంటే ఎంత? డిప్రెషన్‌ను కొలవడానికి ఎక్కువగా వాడే సాధనం పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నల చిన్న కాగితం. గడిచిన రెండు వారాల్లో దిగులు ఎన్నాళ్ళుంది, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, పనిలో మనసు నిలుస్తోందా అని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు, మొత్తం 27. ఐదులోపు వస్తే జబ్బు దాదాపు సర్దుకున్నట్టు. పది, ఆపైన వస్తే చికిత్స గురించి ఆలోచించాల్సినంత, ఇరవై, ఆపైన వస్తే తీవ్రం. ఆమెకు మొదటి రోజు వచ్చింది 18. నాలుగో సిట్టింగుకు 13. ఏడో సిట్టింగుకు 15. తొమ్మిదికి 8. చివరిరోజు 6.

ఈ అయిదు అంకెల్లో మొదటిదీ చివరిదీ మాత్రం రాసి, ‘18 నుంచి 6కు తగ్గింది’ అని ముగించాలనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది కూడా. కానీ డాక్టరుకు ఎక్కువ చెప్పేది మధ్యలో ఉన్న 15. అంతదాకా తగ్గుతూ వచ్చింది ఎందుకు పెరిగింది? ఆ వారం మదనపల్లె మార్కెట్లో టమోటా ధర పడిపోయింది. పండించినవాళ్ళకు ఈ మార్కెట్టు సంగతి చెప్పక్కర్లేదు. 2023 జూలై, ఆగస్టు నెలల్లో కిలో వంద రూపాయలు దాటిన ఇదే పంటను, ఇంకో ఏడు కోతకూలి కూడా రాదని తోటలోనే వదిలేస్తారు. ధర పడిన నాలుగో రోజు అప్పిచ్చినాయన ఇంటి ముందు నిలబడ్డాడు. ఆ వారమే ఆమె స్కోరు 15కు ఎక్కింది. లేఖలో ఈ రెండు ముక్కలు ఉంటే, ధరలు పడిన నెలలో ఆమె క్లినిక్కుకు వస్తే డాక్టరు ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడతారు.

తొమ్మిదో ప్రశ్న గురించి విడిగా రాయాలి. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తోందా అని అడిగే ప్రశ్న అది. మొదటిరోజు ఆమె ‘కొన్ని రోజులు’ అంది, అంటే ఒకటి. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన లేదు, అంతకుముందు ప్రయత్నమూ లేదు. ఐదో సిట్టింగుకు సున్నా అయింది. ధర పడిన వారం మళ్ళీ ఒకటి. ఆ తర్వాత చివరిదాకా సున్నా. ఈ సంగతి మొత్తం స్కోరులో కలిసిపోయి కనబడకుండా పోకూడదు. మొత్తం ఆరే ఉన్నా, అందులో ఒకటి ఈ ప్రశ్నదైతే ఆ ఆరుకు అర్థమే వేరు. టమోటా తోట ఉన్న ఇంట్లో పురుగుమందు ఉంటుంది. దాన్ని ఇంట్లో ఉంచకుండా మరిదిగారింట్లో పెట్టి తాళం వేసేట్టు ఏడో సిట్టింగులో భర్తతో మాట్లాడి ఒప్పించారు. ఆ ఏర్పాటు ఇప్పటికీ ఉందా అని డాక్టరు అడగాలంటే, అలాంటి ఏర్పాటు ఒకటి ఉందని ఆయనకు తెలియాలి కదా.

ఇక ఏ చికిత్స చేశారన్నది. ‘సైకోథెరపీ’ అనో ‘కౌన్సెలింగ్’ అనో రాస్తే ‘మందు ఇచ్చాము’ అని రాసినట్టే. ఏ మందో తెలియదు. ఆమెకు చేసింది బిహేవియరల్ యాక్టివేషన్. మనసు కుంగినప్పుడు మనిషి ఒక్కొక్క పనీ వదిలేస్తాడు. పని వదిలినకొద్దీ అందులో దొరికే చిన్నచిన్న ఊరటలు కూడా పోతాయి. అవి పోయినకొద్దీ మనసు ఇంకా కుంగుతుంది. ఈ సుడిని మనసు వైపు నుంచి కాకుండా పని వైపు నుంచి విప్పడమే ఈ పద్ధతి. ఉత్సాహం వచ్చాక పని చేద్దాంలే అని ఆగకుండా, ముందు చిన్న పని, తర్వాత ఉత్సాహం. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని మామూలు కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చి ఈ పద్ధతినే ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో చేయించి చూశారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ళ కంటే వీళ్ళు బాగా కోలుకున్నారని 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి.

ఆమె విషయంలో అది ఇలా జరిగింది. రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో పూటపూటకూ ఏం చేసిందో, అప్పుడు మనసు పదికి ఎంత ఉందో రాసుకొచ్చింది. రాయడం కష్టమైన రోజున కూతురు రాసిపెట్టింది. ఆ పుస్తకం చూస్తే ఒకటి బయటపడింది. మామూలుగా సాయంత్రం పాలు తీసుకుని పాలకేంద్రానికి పోయేది ఆమే. అక్కడ నలుగురు ఆడవాళ్ళతో పది నిమిషాలు మాట్లాడి వచ్చేది. జబ్బు మొదలైనప్పటి నుంచి పాలు కొడుకు చేతికిచ్చి పంపుతోంది. ఒకటి రెండు రోజులు కొడుకు లేక తానే పోయినప్పుడు మాత్రం ఆ సాయంత్రం మనసు రెండు మూడు అంకెలు పైన ఉంది. కాబట్టి మొదటి పని అదే: వారంలో రెండు సాయంత్రాలు పాలు తానే తీసుకుపోవడం. ఆ తర్వాత అప్పుల లెక్క తలలో తిప్పుకోకుండా కాగితం మీద పెట్టడం, ఎవరికి ఎంత, ఎప్పటికి అని భర్తతో కూర్చుని తేల్చుకోవడం. పంట నష్టమంతా తాను కాలు పెట్టిన వేళ మంచిది కాకనే అనే మాట ఆమె తరచుగా అనేది. ఆ మాటను నాలుగు సిట్టింగుల్లో పట్టి పట్టి చూశారు. లేఖలో ఇదంతా నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. కానీ ఏ పని ఆమెను లేపిందో మాత్రం పేరుపెట్టి రాయాలి. రేపు మళ్ళీ కుంగితే మొదట పట్టుకోవలసిన కొస అదే.

ఇక్కడ నిజాయితీగా ఒప్పుకోవలసినది ఒకటుంది. మాత్ర, థెరపీ రెండూ దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. ఎంత మేలు దేనివల్ల జరిగిందో ఈ ఒక్క మనిషిలో విడదీసి చెప్పలేం. సైకాలజిస్టు గొప్ప తనదే అన్నట్టు రాస్తే, చదివిన డాక్టరు మాత్ర అక్కర్లేదేమో అనుకోవచ్చు. అలా అనుకుంటే నష్టపోయేది ఆమె.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. చివరి స్కోరు 6. ఐదులోపు కాదు. అంటే ఏదో ఇంకా మిగిలి ఉంది. ఏం మిగిలింది? వారంలో రెండు మూడు రోజులు తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, పొద్దున్నే ఒళ్ళు బరువుగా ఉండడం. వింటే చిన్నవే అనిపిస్తాయి. కోలుకున్న మనిషిని పంపిస్తూ ఇవెందుకులే అని రాయకుండా వదిలేయడం సులభం. నా లెక్కలో లేఖలో జరిగే తప్పుల్లో ఇదే పెద్దది. డిప్రెషన్ తగ్గాక కూడా కొన్ని లక్షణాలు మిగిలిపోయినవాళ్ళను బ్రిటన్‌లో పనిచేసిన యూజీన్ పేకెల్ అనే మానసిక వైద్యుడి బృందం కొన్నాళ్ళు వెంట ఉండి గమనించింది. 1995లో వచ్చిన ఆ ఫలితాల్లో, లక్షణాలు మిగిలినవాళ్ళలో 76 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఏమీ మిగలనివాళ్ళలో 25 శాతం మందికి. తేడా అంత ఉంటే, మిగిలినదాన్ని రాయడం మర్యాద కోసం చేసే పని కాదు.

మిగిలిన లక్షణాలకు ఇంకో గుణం ఉంది. వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నది ఇది: జబ్బు వచ్చేటప్పుడు లక్షణాలు ఏ వరుసలో వచ్చాయో, పోయేటప్పుడు చాలామందిలో దాదాపు తిరగేసిన వరుసలో పోతాయి. ముందు వచ్చినది చివరన పోతుంది. జబ్బు మళ్ళీ మొదలైతే ముందుగా తలెత్తేది కూడా సాధారణంగా అదే. అందరిలో ఇలాగే జరగాలని లేదు గానీ, ఒక మనిషికి రెండుసార్లు వచ్చిన జబ్బు రెండోసారీ తరచుగా దాదాపు అదే దారిలో వస్తుంది. ఆమె జబ్బు ఏ దారిలో వచ్చిందో తెలిస్తే, రేపు దాని మొదటి అడుగు ఎక్కడ పడుతుందో ముందే అనుకోవచ్చు. ఒక్కో మనిషికి ప్రత్యేకమైన ఈ వరుసను వైద్యులు సంతకంతో పోలుస్తారు.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. వందేళ్ళ కిందటే క్షయ శానిటోరియంగా మొదలైన ఆస్పత్రి. క్షయ తిరగబెట్టే గుర్తులు అందరికీ దాదాపు ఒకటే: సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, ఆగని దగ్గు. పది మందికి ఒకే కాగితం అచ్చువేసి ఇవ్వొచ్చు. డిప్రెషన్‌లో అలా కుదరదు. ‘నిద్ర తగ్గుట, ఆకలి తగ్గుట, ఆసక్తి తగ్గుట’ అని పుస్తకంలో ఉన్న జాబితా రాసిస్తే అది ఎవరిదైనా కావచ్చు. అంటే ఎవరిదీ కాదు. పైగా నాట్లప్పుడు, కోతలప్పుడు పల్లెలో ఎవరికి నిద్ర తగ్గదు?

అందుకని చివరి మూడు సిట్టింగుల్లో సైకాలజిస్టు ఆమెతో కలిసి వెనక్కి నడిచారు. తలనొప్పి ఎప్పుడు మొదలైంది? అంతకు ముందు వారం ఏమైంది? ఆ ముందు వారం? ఉగాది ఎలా చేసుకున్నారు, సుగుటూరు గంగమ్మ జాతరకు పోయారా లేదా? తారీఖులు గుర్తుండవు, పండగలు గుర్తుంటాయి. జాతరకు పోలేదని, పోకపోవడానికి కారణమేమీ లేదని అప్పుడే తట్టింది. భర్తను ఒకసారి పిలిచి అడిగారు. కుప్పం దగ్గర ఉన్న చెల్లెలితో, ఆమె ఎదుటే, ఫోనులో మాట్లాడారు. ముగ్గురి జ్ఞాపకాలు కలిపితే వరుస తేలింది.

కొడుకు చేత పాలు పంపడం, తెల్లారి మూడింటికి మెలకువ రావడం ముందువి. తర్వాత వంట. సంగటి ఒకటే గెలికి, పప్పో పులుసో చేయకుండా పచ్చడితో సరిపెట్టడం. ఉప్పు తప్పడం. ఆ తర్వాత చెల్లెలి ఫోను ఎత్తకపోవడం, ఎత్తినా ‘పనిలో ఉండా’ అని పెట్టేయడం. ఇవన్నీ అయ్యాక తలనొప్పి, ఒళ్ళు గుంజడం. చిట్టచివర ‘నేను లేకుంటేనే వీళ్ళకు మేలు’ అన్న మాట. మొదటి గుర్తు నుంచి తలనొప్పి దాకా ఆరు వారాలు పట్టింది.

ఇప్పుడు ఈ వరుసను పుంగనూరు డాక్టరు కుర్చీలో కూర్చుని చూడండి. పాలు ఎవరు పోస్తున్నారో ఆయనకు తెలియదు. సంగటిలోకి ఏం చేశారో తెలియదు. ఆయన ముందుకు వచ్చేది ఐదో గుర్తు, తలనొప్పి. అప్పటికి ఆరు వారాలు గడిచిపోయి ఉంటాయి. ఆయన మంచి డాక్టరైనా, శ్రద్ధగా చూసినా, ఆయనకు జబ్బు ఎప్పుడూ ఆలస్యంగానే కనబడుతుంది. తొందరగా చూడగలిగినవాళ్ళు వేరే ఉన్నారు: నిద్ర సంగతి ఆమెకు, వంట సంగతి భర్తకు, ఫోను సంగతి చెల్లెలికి. కాబట్టి లేఖ రెండు పనులు చేయాలి. ఏ గుర్తును ఎవరు చూస్తారో రాయాలి. తలనొప్పితో వచ్చినప్పుడు డాక్టరు ఏమడగాలో కూడా రాయాలి. ‘ఈమె తలనొప్పి అని వస్తే, దయచేసి ముందు ఇవి అడగండి: పాలు ఎవరు తీసుకుపోతున్నారు? ఎన్ని గంటలకు మెలకువ వస్తోంది? చెల్లెలితో ఎప్పుడు మాట్లాడారు?’ మూడు ప్రశ్నలు, ఒక్క నిమిషం. మందుల కంపెనీ ప్రతినిధులు బయట వేచి ఉన్న క్లినిక్కులో కూడా అడగగలిగినంత చిన్నవి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్నీ లేఖలోనే చెప్పాలి. ఒకసారి మనసు జబ్బు అని కాగితం మీద పడితే, ఆ మనిషికి వచ్చే ప్రతి నొప్పినీ మనసు ఖాతాలో వేసేయడం మొదలవుతుంది. రేపు ఆమెకు నిజంగానే బీపీ రావచ్చు, రక్తహీనత రావచ్చు. పాత తలనొప్పి సాయంత్రాలు, తల చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండేది. అలా కాకుండా, ఒక్కసారిగా, ఎప్పుడూ లేనంత తీవ్రంగా వచ్చినా, వాంతులతో వచ్చినా, చూపు మసకబారినా, చెయ్యో కాలో బలహీనమైనా అది వేరే సంగతి, వెంటనే పరీక్ష చేయవలసిన సంగతి. ‘పాత తలనొప్పి ఇలా ఉండేది’ అని వర్ణించి రాయడం వల్ల కొత్తది వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది.

గుర్తులు కనబడితే ఏం చేయాలి? దీన్ని మూడు మెట్లుగా రాశారు. మొదటి రెండు గుర్తులు వారం దాటి కొనసాగితే ఆమే మళ్ళీ నోటు పుస్తకం తీయాలి, పాలు తానే తీసుకుపోవడం మొదలుపెట్టాలి, మదనపల్లెకు ఫోను చేయాలి. రెండు వారాల్లోపు ఒక సిట్టింగు దొరుకుతుంది. వంట, ఫోను కూడా చేరితే, లేదా పీహెచ్‌క్యూ పది దాటితే, భర్త ఆమెను పుంగనూరు డాక్టరుకు చూపించాలి. అక్కడ మాత్ర సరిగ్గా వేసుకుంటోందా అన్నది ముందు తేలాలి, మోతాదు మాట ఆ తర్వాత. చివరి మాట, చావు గురించిన మాట, వినబడితే వారాలు లెక్కపెట్టరు. ఆ రోజే డాక్టరు, ఆ రోజంతా పక్కన ఒక మనిషి, పురుగుమందు తాళంలో ఉందో లేదో చూడడం. రాత్రయితే, డాక్టరు దొరక్కపోతే, 14416కు ఫోను చేయాలి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మాత్ర గురించి లేఖలో ఒక పేరా తప్పనిసరి. పల్లెల్లో ‘డిశ్చార్జి’ అనే మాటకు ఒకటే అర్థం: నయమైంది, ఇంటికి పో. ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచే మాత్ర మానేసేవాళ్ళున్నారు. ఇక్కడ ముగిసింది సిట్టింగులు మాత్రమే. డిప్రెషన్ మాత్రలను, లక్షణాలు దాదాపు పోయి, రోజువారీ పనులు మామూలుగా చేసుకోగలిగాక కూడా, తొమ్మిది నుంచి పన్నెండు నెలలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఆమెకు ఇంకా 6 ఉంది. ఆ లెక్కే ఇంకా మొదలు కాలేదు. మోతాదు మార్చడం, ఆపడం సైకాలజిస్టు పని కాదు. ఆయన చేయగలిగింది డాక్టరును అడగడమే: ‘మాత్ర ఎప్పటిదాకా అన్నది మీరు ఆమెకు స్వయంగా చెప్పగలరా?’

ఒకవేళ ఆమె ఉన్నపళంగా మానేస్తే ఏం జరుగుతుందో కూడా డాక్టరూ సైకాలజిస్టూ ఇద్దరూ మనసులో పెట్టుకోవాలి. రెండు మూడు రోజుల్లో తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, పిచ్చి కలలు రావచ్చు. చూసినవాళ్ళు జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. తేడా కాలంలో ఉంది. మాత్ర మానిన రోజుల్లోనే మొదలై, మళ్ళీ వేసుకుంటే త్వరగా సర్దుకునేది మాత్ర మానడం వల్ల వచ్చిన ఇబ్బంది. తిరగబెట్టడం వారాల మీద, పాలు, మెలకువ, వంట అనే ఆ వరుసలో మెల్లగా వస్తుంది. ఆ వరుస లేఖలో రాసి ఉంది కాబట్టే ఈ రెండింటినీ విడదీయగలుగుతాం.

కుప్పం మాట ఒకటి మిగిలింది. ఆమె పుట్టిల్లు అటువైపు. పదకొండేళ్ళ కింద రెండో కాన్పు తర్వాత ఆమె నాలుగు నెలలు మంచం దిగలేదు. బాలింత నీరసం అనుకున్నారు. అప్పుడు ఎవరూ డాక్టరుకు చూపించలేదు. అడిగితే గానీ ఆ కథ బయటికి రాలేదు, అది కూడా ఆరో సిట్టింగులో. అదీ డిప్రెషనే అయి ఉంటుందని సైకాలజిస్టు అంచనా. అంటే ఇది రెండోసారి. ఒకసారి వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి మళ్ళీ వస్తుందని, రెండుసార్లు వచ్చినవాళ్ళలో ఆ అవకాశం డెబ్బై శాతం దాకా పెరుగుతుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. పుంగనూరు డాక్టరు ఆమెది మొదటిసారి అనుకునే పంపారు. ఈ ఒక్క వాక్యం మాత్ర ఎన్నాళ్ళు అన్న ఆయన లెక్కను మార్చవచ్చు.

ఇంకో సంగతి. ఆమె కుంగినప్పుడు చేసే పని పుట్టింటికి పోవడం. పలమనేరు, వి.కోట మీదుగా బస్సెక్కి పోతే నెలా రెండు నెలలు అక్కడే. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక పక్కనే ఉన్న ఊరు కాబట్టి, అక్కడి నుంచి ఎవరు ఏ రాష్ట్రంలో ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోతారో చెప్పలేం. కొత్త డాక్టరుకు పాత కథ తెలియదు. మళ్ళీ స్కాను, మళ్ళీ రక్తపరీక్షలు, నిద్రమాత్రలు. పుంగనూరు క్లినిక్కు బీరువాలో ఉన్న లేఖ కుప్పంలో ఎవరినీ కాపాడదు. అందుకే ఒక ప్రతి ఆమె చేతిలోనే ఉండాలి. తన వైద్య కాగితాలు తాను చూసుకునే హక్కు, తన సంగతులు గుట్టుగా ఉంచుకునే హక్కు రెండూ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉన్నాయి.

ఆ రెండో హక్కు వల్ల లేఖలో కొన్ని ఉండవు. సిట్టింగుల్లో ఆమె అత్తగారి గురించి చెప్పినవి, పెళ్ళికి ముందటి ఒక సంగతి, భర్తతో గొడవలు, ఇవి డాక్టరు చేయవలసిన పనికి అక్కర్లేదు. ఏది పెట్టాలన్నదానికి ఒకటే కొలబద్ద: ఇది తెలియకపోతే డాక్టరు తప్పు చేసే అవకాశం ఉందా? లేకపోతే వద్దు. ఆ కవరును కాంపౌండరు విప్పవచ్చు, బస్సులో సంచిలోంచి జారి పడవచ్చు, ఇంటికొచ్చిన మరిది చదవవచ్చు. వాట్సాప్‌లో ఫోటో తీసి పంపితే అది ఎన్ని ఫోన్లు తిరుగుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఇంకొకటి: డాక్టర్లకు రాసే భాగం ఇంగ్లీషులోనే ఉండనీయండి, వాళ్ళకు అలవాటు అదే. గుర్తుల కాగితం మాత్రం తెలుగులో, ఆమె మాటల్లో, విడి కాగితంగా ఉండాలి. ‘పొద్దన లేస్తానే ఒళ్ళు బరువు’ అని రాస్తే భర్త కూడా గుర్తుపడతాడు. ‘సైకోమోటార్ రిటార్డేషన్’ అని రాస్తే ఎవరూ గుర్తుపట్టరు.

మొత్తం లేఖ ఒకటిన్నర పేజీ. పైన ఐదు లైన్లు: ఎవరు, ఏ జబ్బు, ఇప్పుడెంత, మాత్ర కొనసాగించాలి, తలనొప్పితో వస్తే ఏమడగాలి. తొందరలో ఉన్న డాక్టరు అక్కడితో ఆగినా నష్టం లేదు. ఒక నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు ఆమె మదనపల్లె వచ్చే తారీఖులు అడుగున ఉన్నాయి.

సంతకం పెట్టేముందు దాన్ని ఆమెకు చదివి వినిపించారు. ఇంగ్లీషు భాగాన్ని తెలుగులో చెప్పారు. తెలుగు కాగితాన్ని ఉన్నదున్నట్టు చదివారు. గుర్తుల వరుసలో సైకాలజిస్టు మొదట రాసింది తెల్లారి మూడింటికి మెలకువ రావడం. పుస్తకాల్లో అదే ముందుంటుంది. రెండోది పాలు.

ఆమె ఆపింది.

‘అది కాదు సార్ ముందు. నిద్ర శానా దినాలు బాగనే ఉండె. పాలకేంద్రం కాడ పక్కింటామె మీ టమోటా ఎంతకి పోయింది అని అడిగె. ఆ దినం నుంచే నేను పోలేదు. నిద్ర పోయింది ఆ తర్వాతే.’

ఆయన ఆ రెండు వాక్యాలనూ కొట్టేసి, వరుస మార్చి, కాగితం మళ్ళీ రాశారు. పాలు ఒకటో నంబరు. దాని పక్కన, చూడవలసినవాళ్ళ పేరు ఉండే చోట, మొదట ఖాళీగా ఉంది. ఆమె కాసేపు ఆలోచించి, రోజూ పాల డబ్బా చేతికి తీసుకునేది కొడుకే కదా, వాడికి చెప్పండి అంది.